కోల్డ్ స్టోరేజీ ఇంజనీరు గారు మా ప్రపోజల్‌ను ఎర్ర పెన్నుతో తిప్పి పంపారు, ఎలా తిరగరాయాలి?

గుంటూరు రాతకోతలు (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక చిన్న కంపెనీకి ప్రపోజల్స్, బ్రోచర్లు రాస్తుంటాను. మావాళ్లు కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం తయారు చేస్తారు. గదిలో నాలుగైదు చోట్ల సెన్సర్లు వేలాడతాయి, బయట గోడ మీద ఒక పెట్టె ఉంటుంది, వేడి పెరిగితే యజమాని ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. మిర్చి దాచే ఒక స్టోరేజీ యజమానికి ఇది నచ్చింది. కానీ "మా ఇంజనీరు గారు సరే అంటేనే తీసుకుంటాం" అన్నారు.

నాలుగు పేజీల ప్రపోజల్ పంపాను. వారం తర్వాత అదే కాగితాలు స్కాన్ చేసి తిప్పి పంపారు. "99.9% ఖచ్చితత్వం గల అత్యాధునిక సెన్సర్లు" అన్న చోట "దేనిలో 99.9%?" అని రాశారు. "0.06 డిగ్రీల తేడానూ పసిగడుతుంది" అన్న చోట "ఇది రిజల్యూషన్. అక్యురసీ ఎంత?" అని ఉంది. "ఎన్‌ఏబీఎల్ సర్టిఫైడ్" దగ్గర "ఏది? సర్టిఫికెట్ ఎక్కడ?" అని, "తక్షణ అలర్ట్" దగ్గర "ఎన్ని నిమిషాలు?" అని అడిగారు. "మిర్చి రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది" అన్న వాక్యం మొత్తం కొట్టేసి, పక్కన "మీది కొలిచే పరికరం, చల్లబరిచేది కాదు" అని రాశారు.

చూసినప్పటి నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. నేను తెలిసి ఒక్క అబద్ధం కూడా రాయలేదు. సేల్స్ వాళ్లు ఇచ్చిన మాటలనే బాగా కుదిర్చి రాశాను. చివరి పేజీలో ఆయనే "సరిచేసి పంపితే చూస్తాను" అన్నారు, పది రోజుల గడువు ఉంది. ఇలాంటి మనిషికి ఎలా రాయాలో తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఆటోనగర్ 5వ లైన్ (సోమవారం, రాత్రి 10:15)

అమ్మా, మాది విజయవాడ ఆటోనగర్‌లో పంపుల షాపు. ఇంజనీర్లతో ఇరవై ఏళ్ల అనుభవం. వాళ్లకు విశేషణాలు అసలు పడవు. అత్యాధునిక, అద్భుత, నంబర్ వన్ లాంటి మాటలన్నీ తీసేయండి. అంకెలు పెట్టండి. 99.9 అంటే రౌండ్ ఫిగర్‌లా కనిపిస్తుంది, 99.94 అని రాయండి. దశాంశాలు ఉంటే వీళ్లు నిజంగా కొలిచారన్న నమ్మకం కుదురుతుంది. ఎన్ని అంకెలు ఉంటే అంత మంచిది.

పాత ఇన్‌స్ట్రుమెంట్ (మంగళవారం, ఉదయం 6:20)

ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. టెండర్లలో టెక్నికల్ పేపర్లు చదవడం చాలా ఏళ్లు నా పని. ఆటోనగర్ వారు విశేషణాల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దశాంశాల సలహా మాత్రం పాటించకండి, అది ఇంకా పెద్ద చిక్కులో పడేస్తుంది.

ఉష్ణోగ్రత ఖచ్చితత్వాన్ని శాతంలో చెబితే అర్థం ఉండదు. 4 డిగ్రీల దగ్గర 0.1% తప్పు అంటే 0.004 డిగ్రీ. అంత సూక్ష్మంగా కొలిచే పరికరం గోడౌన్‌లో ఎవరూ పెట్టరు. పోనీ 0 డిగ్రీల దగ్గర? సున్నాలో 0.1% సున్నాయే. ఆ ఒక్క అంకె చూడగానే, రాసినవారు పరికరం ముందు కూర్చుని రాయలేదని చదివేవాడికి తెలిసిపోతుంది. అక్కడి నుంచి మిగతా పేజీలన్నీ అనుమానంతోనే చదువుతాడు. నేనూ అలాగే చదివేవాణ్ణి.

ఇక 0.06 సంగతి. మీ సెన్సర్ డీఎస్18బీ20 అయి ఉంటుందని నా ఊహ. దాని డేటాషీట్‌లో రెండు అంకెలుంటాయి. 12 బిట్ల అమరికలో అది 0.0625 డిగ్రీల మెట్లలో చూపిస్తుంది. కానీ −10 నుంచి 85 డిగ్రీల మధ్య అసలు ఉష్ణోగ్రతకు ±0.5 డిగ్రీల లోపు ఉంటుందని మాత్రమే తయారీదారు హామీ. ఇంట్లో స్కేలు మీద మిల్లీమీటరు గీతలు ఎంత సన్నగా ఉన్నా, స్కేలే కొన దగ్గర అరిగిపోయి ఉంటే ప్రతి కొలతా తప్పుతుంది కదా. గీతల సన్నదనం ఒకటి, స్కేలు నిజాయితీ ఒకటి. మీ ప్రపోజల్‌లో మొదటిది రాసి, చదివేవాడు రెండోది అనుకునేలా చేశారు. మీకు తెలియక జరిగిందని నేను నమ్ముతాను. కానీ ఆయన దగ్గర ఉన్నది మీ కాగితం ఒక్కటే కదా.

ముందు ఈ మూడు సంగతులు కనుక్కొని ఇక్కడ రాయండి. సెన్సర్ ఏది? ఎన్‌ఏబీఎల్ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మెసేజ్ వెళ్లే ముందు పరికరం లోపల వరసగా ఏం జరుగుతుంది?

బెంజి సర్కిల్ (మంగళవారం, ఉదయం 8:05)

నాకూ ఇదే సమస్య అండీ. టెక్నికల్ రౌండ్‌కు పంపే రెజ్యూమేలో "హార్డ్‌వర్కింగ్, టీమ్ ప్లేయర్" అని రాస్తే ఇంటర్వ్యూ చేసినాయన పక్కన పెట్టేశారు. కవర్ లెటర్ ఎంత పొడుగు ఉండాలి?

పాత ఇన్‌స్ట్రుమెంట్ (మంగళవారం, ఉదయం 8:30)

బాబూ, ఇక్కడి ప్రశ్న పరికరం అమ్మే ప్రపోజల్ గురించి. రెజ్యూమేకు వేరే చర్చ మొదలుపెట్టు, తప్పకుండా వచ్చి రాస్తాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను. హార్డ్‌వర్కింగ్ అన్న మాట తీసేసి, నువ్వు చేసిన ప్రాజెక్టును వాళ్లు తెరిచి నడిపి చూసుకునేలా లింక్ ఇవ్వు.

మిర్చి గోడౌన్ (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి మేనేజరుగా ఉన్నాను. ఆ ఇంజనీరు గారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఉన్నది రైతుల సరుకు, వ్యాపారుల సరుకు. అది పాడైతే యజమాని ముందు అడిగేది "ఆ పరికరం కొనమన్నది ఎవరు?" అని. సంతకం పెట్టిన మనిషే జవాబు చెప్పుకోవాలి. అందుకే ఆయన ప్రతి మాటకూ రుజువు అడుగుతారు.

మా దగ్గర ఇదివరకు ఒక కంపెనీ "రియల్ టైమ్ అలర్ట్" అని చెప్పి పరికరం పెట్టింది. ఒక రాత్రి కంప్రెసర్ ట్రిప్ అయ్యింది, మెసేజ్ తెల్లవారాక వచ్చింది. పెట్టెను గది లోపల పెట్టారు. మా గోడలు పఫ్ ప్యానెళ్లు, రెండు వైపులా ఇనుప రేకు ఉంటుంది. లోపల సిగ్నల్ లేదు, తలుపు తీసినప్పుడే మెసేజ్ బయటికి వెళ్లింది. వాళ్ల కాగితంలో ఎక్కడా "సిగ్నల్ లేకపోతే ఏమవుతుంది" అన్న వాక్యం లేదు. నేనైతే అన్నిటికన్నా ముందు ఆ వాక్యం కోసమే వెతుకుతాను.

గుంటూరు రాతకోతలు (బుధవారం, రాత్రి 8:50)

పాత ఇన్‌స్ట్రుమెంట్ గారూ, మా వర్క్‌షాప్‌కు వెళ్లి కూర్చుని అడిగాను. సెన్సర్ మీరు చెప్పిందే. ఎన్‌ఏబీఎల్ సంగతి ఏమిటంటే, మా దగ్గర ఒక రిఫరెన్స్ థర్మామీటరు ఉంది, దాన్ని ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేట్ చేయించారు. సెన్సర్లను గది వేడిమి దగ్గర దానితో పోల్చి చూసి పంపుతున్నారు. ఆ మాటే సేల్స్ దాకా వచ్చేసరికి "ఎన్‌ఏబీఎల్ సర్టిఫైడ్ సెన్సర్" అయిపోయింది. సర్టిఫికెట్ చూశాను, 25, 50, 75 డిగ్రీల దగ్గర పరీక్షించినట్టు ఉంది.

అలర్ట్ గురించి అడిగితే, పరికరం 5 నిమిషాలకు ఒకసారి కొలుస్తుందని, వరసగా రెండు కొలతలు హద్దు దాటితేనే మెసేజ్ పంపుతుందని చెప్పారు. సరుకు దింపేటప్పుడు తలుపు తీస్తే ఊరికే మెసేజ్‌లు పోకుండా అలా పెట్టారట. పెట్టె బయటే ఉంటుంది. నెట్‌వర్క్ లేకపోతే కొలతలు మెమరీ కార్డులో ఉంటాయి, మెసేజ్ మాత్రం నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగుతుంది.

పాత ఇన్‌స్ట్రుమెంట్ (గురువారం, ఉదయం 6:05)

చాలా మంచి పని చేశారమ్మా. వర్క్‌షాప్‌లో కూర్చోకుండా ఇలాంటి కాగితం ఎవరూ రాయలేరు.

ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఇచ్చేది ల్యాబ్‌లకు. అది వస్తువులను సర్టిఫై చేయదు. ఆయన ఆ మాట దగ్గరే ఆగడానికి కారణం అదే. మీరు రాయాల్సింది "మా రిఫరెన్స్ థర్మామీటరును ఫలానా ల్యాబ్‌లో, ఫలానా తేదీన, ఫలానా ఉష్ణోగ్రతల దగ్గర కాలిబ్రేట్ చేయించాం, సర్టిఫికెట్ జతచేశాం" అని. సర్టిఫికెట్ మీద నంబరు ఉంటుంది. ఆ ల్యాబ్‌కు ఏయే కొలతలకు గుర్తింపు ఉందో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఆయనే చూసుకోగలరు. కానీ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉందన్న కాగితం 4 డిగ్రీల గురించి ఏమీ చెప్పదు. ఆ లోటును మీరే ముందు ఒప్పుకోండి, ఆయన కనిపెట్టేదాకా ఆగకండి. ఈసారి పంపినప్పుడు 0, 5, 10 డిగ్రీల దగ్గర చేయమనండి.

ఈలోగా మీరే చేయగలిగిన పరీక్ష ఒకటుంది, ఐసు పరీక్ష. శుభ్రమైన నీళ్లతో చేసిన ఐసును మెత్తగా చితక్కొట్టి థర్మాస్ ఫ్లాస్కు నిండా వేయండి. చల్లటి నీళ్లు ఐసు సందులు నిండేదాకా పోయండి, ఐసు నీళ్ల మీద తేలేంత పోయొద్దు. సెన్సర్‌ను కనీసం 10 సెంటీమీటర్లు లోపలికి దింపండి, అడుగుకూ గోడకూ తగలకూడదు. 20 నిమిషాలు ఆగి చదవండి. అక్కడ నిజమైన ఉష్ణోగ్రత 0 డిగ్రీలు. దీనికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఆ ఇంజనీరు గారు తన ఆఫీసులో ఫ్లాస్కు పెట్టుకుని ఇదే చేసి చూడగలరు. మీ మాటను ఆయన మీ సాయం లేకుండా సరిచూసుకునే వీలు ఉండాలి. ఫలితం రాసేటప్పుడు విధానం కూడా రాయండి.

ఆటోనగర్ 5వ లైన్ (గురువారం, ఉదయం 9:30)

దశాంశాల విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటున్నాను సార్. మా పంపుల్లో కూడా హెడ్, అంటే నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కాలో చెప్పకుండా, ఎన్ని నీళ్లు పోస్తుందన్న డిశ్చార్జి అంకె ఒక్కటే రాస్తే ఇంజనీర్లు కాగితం పక్కన పడేస్తారు. ఏ పరిస్థితిలో అన్నది లేకపోతే అంకెకు విలువ లేదు. అయితే ఐసు విషయంలో ఒక అనుమానం. మన గుంటూరు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. దానితో చేసిన ఐసు పెడితే పరీక్ష మొత్తం తప్పుతుంది కదా?

పాత ఇన్‌స్ట్రుమెంట్ (గురువారం, ఉదయం 10:00)

తప్పుతుంది, కానీ మీరు అనుకున్నంత కాదు. లీటరుకు 1 గ్రాము ఉప్పు ఉన్న నీళ్లయినా గడ్డకట్టే ఉష్ణోగ్రత 0.06 డిగ్రీలే తగ్గుతుంది. ±0.5 దగ్గర అది చిన్నది. ఐసు ఫ్యాక్టరీ దిమ్మలు మాత్రం వాడొద్దు. వాటిని ఉప్పు నీటి తొట్టెలో పెట్టిన డబ్బాల్లో గడ్డకట్టిస్తారు, డబ్బా కారితే ఎంత ఉప్పు చేరిందో తెలియదు. ఆర్‌ఓ నీళ్లతో ఇంటి ఫ్రిజ్‌లో చేసుకోండి.

గుంటూరు రాతకోతలు (శనివారం, సాయంత్రం 6:30)

10 సెన్సర్లకు ఐసు పరీక్ష చేశాం. నేనే దగ్గర కూర్చుని రాసుకున్నాను. తొమ్మిది సెన్సర్లు −0.19 నుంచి +0.31 లోపల ఉన్నాయి. ఒకటి మాత్రం +1.13 చూపించింది. మూడుసార్లు చేసినా అంతే. ఇదివరకు గది వేడిమి దగ్గర పోల్చినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే చూసేవాళ్లు డిగ్రీ అటూఇటూ ఉన్నా సరే అనుకుంటున్నారట.

ఇప్పుడు ఆఫీసులో గొడవ. ఆ ఒక్కదాని సంగతి రాయకుండా తొమ్మిదింటి ఫలితం పంపుదామని మా సేల్స్ హెడ్ గారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

లక్ష్మీపురం సర్క్యూట్ (శనివారం, సాయంత్రం 7:15)

మేడమ్, ఆ ఒక్క సెన్సర్ ఏ షాపులో కొన్నారో చూడండి. ఈ చిప్‌కు మార్కెట్‌లో నకిలీలు చాలా ఉన్నాయి. పైన అదే పేరు ముద్రించి ఉంటుంది, డేటాషీట్ హామీ మాత్రం వాటికి వర్తించదు. నాకూ ఒక ప్రాజెక్టులో ఇలాగే జరిగింది. మిగతా తొమ్మిది ఒక చోటివి, అది వేరే చోటిది అయి ఉంటే ఆ లాట్ మొత్తం పరీక్షించండి.

ఆటోనగర్ 5వ లైన్ (శనివారం, రాత్రి 8:00)

మీ సేల్స్ హెడ్ గారి బాధ నాకు అర్థమవుతుంది. చెడిపోయినదాన్ని మార్చేశాక దాని గురించి రాయడం ఎందుకు? పోటీ కంపెనీ అదే ఇంజనీరుకు ±0.1 అని రాసి పంపితే? నిజం రాసినవాళ్లు ఆర్డరు పోగొట్టుకుంటారు. మేం అలా పోగొట్టుకున్నాం.

పాత ఇన్‌స్ట్రుమెంట్ (శనివారం, రాత్రి 9:10)

పోవచ్చు. అలా పోదని నేను హామీ ఇవ్వలేను. నేను పేపర్లు చదివినప్పుడు మాత్రం, పది పరీక్షిస్తే పదీ పాసయ్యాయన్న కాగితం కన్నా, ఒకటి ఫెయిలయ్యింది, కారణం ఇది, ఇకపై ఇలా పట్టుకుంటాం అన్న కాగితాన్నే ఎక్కువ నమ్మాను. పరీక్ష నిజంగా జరిగిందనడానికి అదే గుర్తు. ఒకవేళ ఆ సెన్సర్‌ను దాచి, స్టోరేజీలో పెట్టిన వాటిలో అలాంటిది ఇంకొకటి ఆయన ఫ్లాస్కులో దొరికితే, అప్పుడు మీరు ఏం రాసినా ఆయన చదవరు.

గుంటూరు రాతకోతలు (సోమవారం, రాత్రి 10:20)

లక్ష్మీపురం వారు చెప్పిందే నిజమైంది. ఆ సెన్సర్ వేరే షాపులో కొన్న లాట్‌లోది. ఆ లాట్‌లో మిగిలినవాటిలో మరో మూడు కూడా తప్పు చూపించాయి. లాట్ మొత్తం పక్కన పెట్టేశారు. ఇదిగో నేను తిరగరాసిన భాగం. అసలు లెటర్ ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"ఉష్ణోగ్రతను డీఎస్18బీ20 సెన్సర్‌తో కొలుస్తాం. డేటాషీట్ ప్రకారం −10 నుంచి 85 డిగ్రీల మధ్య అక్యురసీ ±0.5 డిగ్రీలు. 10 సెన్సర్లను ఐసు, నీళ్ల మిశ్రమంలో పరీక్షించాం. తొమ్మిది −0.19 నుంచి +0.31 డిగ్రీల మధ్య చూపాయి, ఒకటి +1.13 చూపి ఫెయిలయ్యింది. అది వేరే లాట్‌ది, ఆ లాట్‌ను వాడటం ఆపేశాం. ఇకపై ప్రతి సెన్సర్‌ను ఇలాగే పరీక్షించి, ఫలితం చీటీతో పంపుతాం. విధానం, మార్చని కొలతల ఫైలు జతచేశాం. మా రిఫరెన్స్ థర్మామీటరు కాలిబ్రేషన్ 25 డిగ్రీల నుంచి మొదలవుతుంది, 25 కన్నా దిగువన మా ఆధారం ఐసు పరీక్ష మాత్రమే.

పరికరం 5 నిమిషాలకు ఒకసారి కొలుస్తుంది. వరసగా రెండు కొలతలు హద్దు దాటితే మెసేజ్ పంపుతుంది. కాబట్టి సెన్సర్ దగ్గర హద్దు దాటిన క్షణం నుంచి మెసేజ్ బయలుదేరడానికి 10 నిమిషాల దాకా పట్టవచ్చు. మొబైల్ నెట్‌వర్క్ లేనప్పుడు మెసేజ్ వెళ్లదు, కొలతలు మెమరీ కార్డులో నమోదవుతూనే ఉంటాయి."

మిర్చి రంగు వాక్యం తీసేశాను. నాలుగు పేజీలు ఒకటిన్నర అయ్యాయి. జతచేసిన ఫైలు ఇలా ఉంటుంది:

```
minute,probe,temp_c
20,P03,0.1875
21,P03,0.1875
22,P03,0.2500
20,P07,1.1250
```

పాత ఇన్‌స్ట్రుమెంట్ (మంగళవారం, ఉదయం 6:10)

ఆ ఫైలు తప్పకుండా పంపండి. ప్రతి అంకె 0.0625కు గుణిజమే, సెన్సర్ మెట్లు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఎవరైనా కూర్చుని టైపు చేసిన అంకెలైతే అలా కుదరవు. ఆయన చూసేవారైతే అది వెంటనే గమనిస్తారు. అందుకే వాటిని అందంగా రెండు దశాంశాలకు కుదించకండి.

"10 నిమిషాల దాకా" పక్కన, మెసేజ్ ఫోన్‌కు చేరే సమయం మీరు కొలిచి ఉంటే రాయండి, కొలవకపోతే ఆ సమయం ఇందులో కలపలేదని రాయండి. ఇంకొకటి కూడా ఆయన అడుగుతారు. ఏడాది గదిలో వేలాడాక ఆ సెన్సర్లు చూపే కొలత ఎంత పక్కకు జరుగుతుంది? దానికి మీ దగ్గర ఏముంది?

గుంటూరు రాతకోతలు (మంగళవారం, రాత్రి 9:00)

మెసేజ్ చేరే సమయం కొలవలేదు, రేపు రెండు సిమ్‌లతో కొలుస్తాం. ఏడాది తర్వాత సంగతికి మా దగ్గర ఏమీ లేదండీ. పోయిన సీజన్‌లో పెట్టిన సెన్సర్లు ఒక స్టోరేజీలో ఉన్నాయి. వాటిని విప్పి ఐసులో పెట్టి చూస్తే తెలుస్తుంది. కానీ ఇప్పుడు గది నిండా సరుకు ఉంది, లోపలికి వెళ్లనివ్వడం లేదు.

మిర్చి గోడౌన్ (మంగళవారం, రాత్రి 9:45)

తలుపు దగ్గరి సెన్సర్ ఒక్కటైనా అడగండమ్మా. సరుకు తీసే రోజున పది నిమిషాల్లో విప్పి ఇంకొకటి పెట్టవచ్చు. మీ యజమాని ఆ ఫెయిలైన సెన్సర్ వాక్యం ఉంచడానికి ఒప్పుకున్నారా?

గుంటూరు రాతకోతలు (మంగళవారం, రాత్రి 10:05)

ఇంకా లేదండీ. రేపు ఉదయం ఆయనతో కూర్చుంటున్నాను, ఫ్లాస్కు, ఆ సెన్సర్ కూడా తీసుకెళ్తున్నాను. తలుపు దగ్గరి సెన్సర్ సంగతి ఆ స్టోరేజీ వాళ్లను ఇప్పుడే అడుగుతాను.